LM317 డేటాషీట్ మొదటి పేజీని తెలుగులో చదవడం

LM317 అనే వోల్టేజ్ రెగ్యులేటర్ డేటాషీట్ మొదటి పేజీలో ఒక చిన్న సర్క్యూట్ బొమ్మ ఉంటుంది. మధ్యలో ఒక డబ్బా, దానికి మూడు కాళ్లు, చుట్టూ రెండు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు. బొమ్మ కింద సన్నని అక్షరాల్లో నాలుగైదు వాక్యాలు. కావలసిన వోల్టేజీకి తిప్పుకోగల పవర్ సప్లై కట్టాలనుకునే ఎలక్ట్రానిక్స్ విద్యార్థికి ఈ పేజీ ఒక్కటే చాలావరకు సరిపోతుంది. బొమ్మను చూసి తీగలు కలపడం కష్టం కాదు. కట్టిన సర్క్యూట్ సరిగా పనిచేయకపోతే, చాలాసార్లు కారణం బొమ్మలో కాక కింది వాక్యాల్లో దొరుకుతుంది. తెలుగులో చెప్పుకోవలసినవి కూడా ఆ వాక్యాలే.

ఈ చిప్‌ను 1970వ దశకంలో అమెరికాలోని నేషనల్ సెమీకండక్టర్ సంస్థలో బాబ్ డాబ్కిన్ రూపొందించాడు. ఆ సంస్థను 2011లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కొనుక్కుంది. ఇదే నంబరుతో ఇంకా కొన్ని కంపెనీలు చిప్‌లు చేస్తాయి, ఎవరి డేటాషీట్ వారిదే. ఒకరి బొమ్మలో C1 అని ఉన్న కెపాసిటర్ ఇంకొకరి బొమ్మలో C_I అని ఉండొచ్చు. కొన్ని విలువలూ కొద్దిగా మారతాయి. అందుకని పేజీని ఫొటో తీసినప్పుడు మూలనున్న కంపెనీ పేరు, చిప్ నంబరు కూడా ఫొటోలో పడాలి. ఇక్కడ తీసుకున్నది నేషనల్ వారి పేజీ.

ముందు పేర్ల సంగతి. R1, R2, C1, C2, V_IN, V_OUT, ADJ లాంటి వాటిని తెలుగులోకి మార్చకూడదు. అవి ఆ భాగాలకు పెట్టిన గుర్తులు. కింది వాక్యాలూ, సూత్రమూ, లోపలి పేజీల పట్టికలూ వాటినే పట్టుకుని మాట్లాడతాయి. తెలుగులో రాయవలసింది ఆ గుర్తు పక్కన ఆ భాగం చేసే పని. C1 ఇన్‌పుట్ వైపు కెపాసిటర్, 0.1 µF. C2 ఔట్‌పుట్ వైపు కెపాసిటర్, 1 µF. R1 అంటే OUT కాలికీ ADJ కాలికీ మధ్య ఉన్న 240 ఓమ్‌ల రెసిస్టర్. ADJ కాలి నుంచి గ్రౌండుకు వెళ్లే R2 మీద అడ్డంగా ఒక బాణం ఉంటుంది, పక్కన 5k అని ఉంటుంది. బాణం ఉంటే తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్, అంటే పాట్. ఐదు కిలో ఓమ్‌ల పాట్ అన్నమాట.

కెపాసిటర్ గుర్తులో ఒక పలక వంపు తిరిగి ఉంటే అది ఎలక్ట్రోలిటిక్ అనుకోవడం విద్యార్థుల్లో మామూలే. అమెరికన్ పద్ధతి బొమ్మల్లో మామూలు కెపాసిటర్‌కూ ఒక పలకను వంపుగా గీస్తారు. ప్లస్ గుర్తు ఉందా అన్నదీ, కింది నోటు ఏ రకం కెపాసిటర్ అంటోందన్నదీ చూసి తేల్చుకోవాలి.

బొమ్మలో లేని సంగతి ఒకటుంది, కాళ్ల వరుస. డబ్బాకు ఎడమన ఇన్‌పుట్, కుడిన ఔట్‌పుట్, కింద ADJ అని గీస్తారు. అది గీతల సౌకర్యం కోసం గీసిన వరుస. చేతిలో ఉన్న చిప్‌ను అక్షరాలు మన వైపు ఉండేలా పట్టుకుంటే, TO-220 ప్యాకేజీలో ఎడమ నుంచి వరుసగా ADJ, OUT, IN వస్తాయి. వెనకాల లోహపు పలక లోపల OUT కాలికి కలిసి ఉంటుంది. అందరూ ముందు నేర్చుకునే 7805లో వరుస IN, గ్రౌండ్, OUT, పలక గ్రౌండ్. 7805 అలవాటుతో LM317ను బిగిస్తే మొదటి స్విచ్‌కే అంతా తారుమారవుతుంది. వరుస తెలియాలంటే కాళ్ల బొమ్మ ఉన్న ఇంకో పేజీని కూడా ఫొటో తీసుకోక తప్పదు.

ఫొటో గురించి కొంత వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఈ పేజీలో అర్థమంతా చిన్న చిన్న గుర్తుల మీద నిలబడి ఉంది. 0.1 µF అన్న చోట చుక్క కనపడకపోతే అది 01 అవుతుంది, చదివేవారు దాన్ని 1 అనుకుంటారు. µ అక్షరం మసకబారితే u లాగానో m లాగానో కనిపిస్తుంది. u అయితే నష్టం లేదు, చాలామంది మైక్రోను అలాగే టైపు చేస్తారు. m అనుకుంటే విలువ వెయ్యి రెట్లు పెరిగిపోతుంది. Ω గుర్తు సున్నాలా కనిపిస్తే 240 ఓమ్‌లు 2400 అవుతాయి. వీటికంటే ప్రమాదకరమైనవి నక్షత్రం, కత్తి గుర్తులు. C1 పక్కన * ఉంటుంది, C2 పక్కన † ఉంటుంది, V_OUT దగ్గర †† ఉంటుంది. కింది వాక్యాల ముందు కూడా ఇవే గుర్తులు. ఏ వాక్యం ఏ భాగానిదో చెప్పే ఆధారం ఇవి తప్ప ఇంకేమీ లేదు. ఫొటోలో నక్షత్రమూ కత్తీ ఒకేలాంటి మచ్చలైపోతే C1 గురించిన షరతు C2కు అంటుకుంటుంది. ఆ తర్వాత తెలుగు ఎంత బాగా రాసినా అది తప్పు నోటే.

కాబట్టి పేజీ మొత్తానికి ఒక ఫొటో, బొమ్మకు దగ్గరగా ఒకటి, కింది వాక్యాలకు ఇంకొకటి తీయాలి. పుస్తకం మధ్య మడతలో అక్షరాలు వంగిపోకుండా కాగితాన్ని చదునుగా పరచాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గి సన్నని అక్షరాలు చెదిరిపోతాయి, డాక్యుమెంటుగా పంపితే తీసినది తీసినట్టు చేరుతుంది. చదివిన విలువ నమ్మదగినదేనా అని చూసుకునే దారి కూడా ఉంది. రెగ్యులేటర్ ఇన్‌పుట్ దగ్గర పెట్టే చిన్న కెపాసిటర్ 0.1 µF ఉండటం సర్వసాధారణం. హైదరాబాదు కోఠీ దుకాణాల్లోనైనా మరెక్కడైనా దీన్ని 104 అని అడిగితే ఇస్తారు. ఆ అంకెలకు అర్థం పది, దాని పక్కన నాలుగు సున్నాలు, పికోఫారడ్లలో. అంటే లక్ష పికోఫారడ్లు, సరిగ్గా 0.1 మైక్రోఫారడ్. ఆ స్థానంలో మిల్లీఫారడ్ కెపాసిటర్ ఉంటుందని ఎవరూ గీయరు.

ఇక కింది వాక్యాలు. మొదటి రెంటినీ విద్యార్థి నోట్సులో ఇలా రాసుకోవచ్చు:

* చిప్‌కూ ఫిల్టర్ కెపాసిటర్లకూ మధ్య దూరం 6 అంగుళాలు దాటితే C1 తప్పక ఉండాలి.

† C2 లేకపోయినా సర్క్యూట్ పనిచేస్తుంది. ఉంటే, లోడ్ ఒక్కసారిగా మారినప్పుడు ఔట్‌పుట్ త్వరగా కుదురుకుంటుంది. 1 µF నుంచి 1000 µF వరకు అల్యూమినియం లేదా టాంటలం ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు వాడటం మామూలు.

మొదటి నోటులో బరువంతా ‘దాటితే’ అన్న మాట మీద ఉంది. ఆ షరతును వదిలేసి ‘C1 అవసరం’ అని రాస్తే సగం అర్థమే వస్తుంది. ‘C1 పెడితే మంచిది’ అని రాస్తే పూర్తిగా పక్కదారి పడుతుంది. ఇక్కడ ఫిల్టర్ కెపాసిటర్లంటే బ్రిడ్జ్ రెక్టిఫైయర్ తర్వాత ఉండే పెద్ద ఎలక్ట్రోలిటిక్‌లు. అవి ఈ బొమ్మలో లేవు, V_IN అన్న చోటికి ఎడమన, కాగితం బయట ఉన్నాయి. అక్కడి నుంచి చిప్ దాకా వచ్చే తీగకు కొంత ఇండక్టెన్స్ ఉంటుంది. తీగ పొడవైన కొద్దీ అదీ పెరుగుతుంది. చిప్‌కు గబుక్కున కరెంటు కావలసినప్పుడు ఆ ఇండక్టెన్స్ అడ్డుపడి, చిప్ తనంతట తాను ఊగడం మొదలుపెట్టవచ్చు. కాలి పక్కనే ఉన్న చిన్న C1 ఆ క్షణానికి కావలసిన కరెంటును తానే ఇస్తుంది. 6 అంగుళాలంటే సుమారు 15 సెంటీమీటర్లు. బ్రెడ్‌బోర్డు మీద పొడవాటి తీగలతో అడాప్టర్ నుంచి సప్లై తెచ్చుకునే విద్యార్థి దాదాపు ఎప్పుడూ ఆ హద్దు అవతలే ఉంటాడు. కాబట్టి అతని విషయంలో షరతు నిజమైనట్టే, C1 ఉండాల్సిందే. అదీ చిప్ కాళ్లకు ఆనుకుని ఉండాలి. బోర్డు ఆ చివర పెడితే పెట్టినా పెట్టనట్టే.

రెండో నోటులో పెట్టకపోయినా ఫరవాలేదన్న స్వేచ్ఛ, పెడితే వచ్చే లాభం రెండూ ఉన్నాయి. రెండూ తెలుగులో కనపడాలి. ఆ లాభాన్ని ఇంగ్లిషులో ‘ట్రాన్సియెంట్ రెస్పాన్స్’ అంటారు. దానికి ఒక సంస్కృత సమాసం కట్టడం కంటే జరిగేదేమిటో చెప్పడం విద్యార్థికి ఎక్కువ ఉపయోగం. ఔట్‌పుట్‌కు కలిపిన చిన్న మోటారు ఆన్ అయినప్పుడు కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది, వోల్టేజ్ క్షణకాలం కిందికి జారుతుంది. రెగ్యులేటర్ తేరుకునేలోపు C2 తన దగ్గరున్న చార్జితో ఆ లోటును పూడుస్తుంది.

మూడో నోటు రెండు కత్తి గుర్తులది, ఔట్‌పుట్ వోల్టేజ్ లెక్క:

V_OUT = 1.25 V × (1 + R2/R1) + I_ADJ × R2

చిప్ ఎప్పుడూ OUT, ADJ కాళ్ల మధ్య 1.25 వోల్టులు నిలబెడుతుంది. ఆ 1.25 వోల్టులు R1 మీద పడతాయి కనుక R1లో స్థిరమైన కరెంటు పారుతుంది. అదే కరెంటు R2 గుండా గ్రౌండుకు దిగుతుంది. R2 పెంచితే దాని మీద పడే వోల్టేజ్ పెరుగుతుంది, ఔట్‌పుట్ పైకి లేస్తుంది. చివర ఉన్న I_ADJ అంటే ADJ కాలి నుంచి బయటికి వచ్చే చిన్న కరెంటు. పట్టికలో దాని మామూలు విలువ 50 మైక్రో ఆంపియర్లు, గరిష్ఠం 100.

9 వోల్టుల సప్లై కావాలనుకుందాం. R1 బొమ్మలో ఉన్నట్టు 240 ఓమ్‌లే. 9ని 1.25తో భాగిస్తే 7.2, అందులో 1 తీసేస్తే 6.2, దాన్ని 240తో గుణిస్తే R2 విలువ 1488 ఓమ్‌లు. బజారులో దొరికేది 1.5 కిలో ఓమ్. దాన్ని పెట్టి తిరిగి లెక్కిస్తే మొదటి భాగం 9.06 వోల్టులు వస్తుంది, I_ADJ వల్ల ఇంకో 0.075 వోల్టు కలుస్తుంది. మొత్తం సుమారు 9.14. మీటరు సరిగ్గా ఇదే చూపిస్తుందని ఆశించకూడదు. LM317 పట్టికలో ఆ 1.25 వోల్టులకు 1.20 నుంచి 1.30 వరకు హద్దులు ఇచ్చారు. ఆ హద్దులను సూత్రంలో పెడితే ఔట్‌పుట్ 8.8 నుంచి 9.5 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. రెసిస్టర్ల తేడా దీనికి అదనం. మీటరు మీద 9.3 చూసి చిప్ పాడైందని పారేస్తే మంచి చిప్‌ను పారేసినట్టే.

ఈ బొమ్మలో జాగ్రత్తగా చూడవలసిన పేరు ఇంకొకటుంది. డబ్బాలో రాసి ఉన్న నంబరు LM117. డేటాషీట్ రెండు చిప్‌లకూ కలిపి ఇచ్చినది, బొమ్మ మాత్రం LM117 పేరుతో గీశారు. రెండింటి డిజైనూ ఒకటే, హామీలు వేరు. LM117 మైనస్ 55 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేసేలా పరీక్షించిన ఖరీదైన రకం, LM317 సున్నా నుంచి 125 డిగ్రీల వరకు. ఈ తేడా R1 దగ్గర వచ్చి తగులుతుంది.

LM317కు గ్రౌండ్ కాలు లేదు. చిప్ లోపలి భాగాలు నడవడానికి వాడుకునే కరెంటంతా OUT కాలి నుంచే బయటికి రావాలి. బయట దాన్ని తీసుకునే దారి లేకపోతే ఔట్‌పుట్ వోల్టేజ్ అదుపు తప్పి పైకి పోతుంది. పట్టికలో కనీస లోడ్ కరెంటు అన్న వరుస ఈ సంగతినే చెబుతుంది. LM117కు అది గరిష్ఠంగా 5 మిల్లీ ఆంపియర్లు. LM317కు మామూలుగా 3.5, గరిష్ఠంగా 10. ఈ వరుస పక్కన షరతుల గడిలో ఇన్‌పుట్‌కూ ఔట్‌పుట్‌కూ తేడా 40 వోల్టులు అని ఉంటుంది, తేడా తగ్గితే ఈ అవసరమూ తగ్గుతుంది. 240 ఓమ్‌ల R1లో పారే కరెంటు 1.25ను 240తో భాగిస్తే 5.2 మిల్లీ ఆంపియర్లు. అంటే బొమ్మలోని 240 ఓమ్‌లు LM117 హామీకి సరిపోయేలా ఎంచిన విలువ. విద్యార్థి చేతిలోని LM317 మామూలుగా 3.5తో సరిపెట్టుకుంటుంది కనుక ఎక్కువసార్లు ఇబ్బంది రాదు. హామీగా నడవాలంటే మాత్రం R1 120 ఓమ్‌లు ఉండాలి, అప్పుడు పారేది 10.4 మిల్లీ ఆంపియర్లు. 9 వోల్టుల కోసం R2 అప్పుడు 750 ఓమ్‌లు అవుతుంది. I_ADJ వల్ల కలిసే తేడా కూడా సగానికి తగ్గుతుంది. కొత్తగా కట్టేవారికి 120 ఓమ్‌లే మేలు, అదనంగా ఖర్చయ్యేది అయిదు మిల్లీ ఆంపియర్ల కరెంటు మాత్రమే.

ఈ లోపం ఉందో లేదో కనిపెట్టడం తేలిక. లోడ్ ఏదీ కలపకుండా ఔట్‌పుట్ కొలవాలి. తర్వాత ఔట్‌పుట్‌కూ గ్రౌండుకూ మధ్య 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి మళ్లీ కొలవాలి. 9 వోల్టుల దగ్గర అది ఇంకో 9 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. రెండో రీడింగ్ స్పష్టంగా కిందికి దిగితే చిప్‌కు కనీస కరెంటు అందడం లేదన్నమాట. రెండు రీడింగులూ ఒకటేగా ఉండి అనుకున్న విలువకు కొంచెం అటూ ఇటూ ఉంటే అది పైన చెప్పిన హద్దుల తేడా. వోల్టేజ్ చాలా దూరంగా ఉంటే R1, R2 విలువలను, అవి తారుమారయ్యాయేమో కూడా చూసుకోవాలి.

బొమ్మ దగ్గర ఇంకో వాక్యం ఉంటుంది. ఇన్‌పుట్, ఔట్‌పుట్ వోల్టేజీల మధ్య తేడా ఎక్కువైతే పూర్తి ఔట్‌పుట్ కరెంటు దొరకదు అని దాని భావం. పేజీ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న 1.5 ఆంపియర్లు చూసి సంబరపడేవారు దీన్ని దాటేస్తారు. పట్టిక ప్రకారం 1.5 ఆంపియర్ల హామీ తేడా 15 వోల్టుల లోపు ఉన్నప్పుడే. తేడా 40 వోల్టులైతే LM317 హామీ 0.15 ఆంపియర్‌కు పడిపోతుంది. లోపల ట్రాన్సిస్టర్ కాలిపోకుండా చిప్ తానే కరెంటును తగ్గించుకుంటుంది. అదే బొమ్మలో ఇన్‌పుట్ దగ్గర V_IN ≥ 28 V అని ఉంటుంది. అది 25 వోల్టుల వరకు తిప్పుకునే ఆ ఒక్క సర్క్యూట్ కోసం, 25 మీద మరో 3 వోల్టులు కలిపి రాసినది. 9 వోల్టుల సప్లైకి 12 వోల్టులకు తగ్గని ఇన్‌పుట్ ఉంటే చాలు. బొమ్మలో ఉందని 28 వోల్టులు ఇస్తే మిగిలిన 19 వోల్టులూ చిప్ మీదే వేడిగా పడతాయి.

ఆ వేడి ఎంతో చూడాలి. ఇన్‌పుట్ 15, ఔట్‌పుట్ 9, లోడ్ అర ఆంపియర్ అయితే 6 వోల్టుల తేడాను అరతో గుణిస్తే 3 వాట్లు. హీట్‌సింక్ లేని TO-220 ప్యాకేజీ ఒక్కో వాటుకు సుమారు 50 డిగ్రీలు వేడెక్కుతుంది. 3 వాట్లకు గది ఉష్ణోగ్రత మీద 150 డిగ్రీలు అదనం, LM317 హద్దు 125. కాబట్టి చిప్ తన లోపలి రక్షణతో ఔట్‌పుట్‌ను తగ్గించేస్తుంది, చల్లబడ్డాక మళ్లీ ఇస్తుంది. లోడ్ పెట్టిన కాసేపటికి వోల్టేజ్ పడిపోయి, ఆపి చల్లార్చితే మామూలైతే అనుమానించవలసింది దీన్నే. హీట్‌సింక్ బిగించాలి. పలక ఔట్‌పుట్‌కు కలిసి ఉంది కనుక, హీట్‌సింక్ గ్రౌండైన లోహపు పెట్టెకు తగిలేలా ఉంటే మధ్యలో మైకా ముక్క, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ తప్పనిసరి.

ఇదే డేటాషీట్ లోపలి పేజీల్లో ఇంకో బొమ్మలో డయోడ్లు కనిపిస్తాయి, మొదటి పేజీలో అవి లేవు. 25 వోల్టులు, 10 మైక్రోఫారడ్లు మించకపోతే రక్షణ డయోడ్లు అక్కర్లేదని నోటు. మొదటి పేజీ సర్క్యూట్ ఆ హద్దులోనే ఉంది. ఔట్‌పుట్ వైపు 1000 µF పెట్టాలని C2 నోటులోని పెద్ద అంకెను ఎంచుకున్న విద్యార్థి మాత్రం ఆ హద్దు దాటినట్టే. ఇన్‌పుట్ షార్టయితే ఆ కెపాసిటర్‌లోని చార్జి అంతా చిప్ గుండా వెనక్కి పారి దాన్ని పాడుచేయగలదు. OUT నుంచి IN వైపు ఒక 1N4002 డయోడ్, చార గీత ఉన్న కొన IN వైపు ఉండేలా పెడితే ఆ కరెంటు చిప్‌ను తప్పించుకుని పోతుంది.

కెపాసిటర్ల వోల్టేజ్ రేటింగ్ కూడా బొమ్మలో రాయలేదు. C1 మీద ఇన్‌పుట్ వోల్టేజ్ అంతా పడుతుంది, C2 మీద ఔట్‌పుట్ వోల్టేజ్ పడుతుంది. 15 వోల్టుల ఇన్‌పుట్‌కు 25 వోల్టుల కెపాసిటర్, 28 వోల్టులకు 50 వోల్టులది తీసుకుంటే తగినంత జాగా ఉంటుంది. తెలుగు నోట్సులో ఈ విలువను R1, C1ల వరుసలోనే, బొమ్మలో లేదు అన్న మాటతో కలిపి రాసుకోవాలి. అప్పుడు ఏది డేటాషీట్ చెప్పిందో, ఏది కట్టేవారు కలుపుకున్నదో తర్వాత చదివేవారికి విడివిడిగా తెలుస్తుంది.